విదేశీ కొనుగోలు వాపసు చేస్తే కార్డుకు డబ్బు తక్కువ వచ్చిందా? తేడా ఎక్కడిదో ఇలా తేల్చుకోండి

“దుకాణం పూర్తి మొత్తం తిరిగి ఇచ్చేశామంటోంది. కార్డులో మాత్రం తక్కువ పడింది. మిగతా డబ్బు ఎవరు తిన్నారు?” ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. చాలాసార్లు ఎవరూ తినరు, తేడా మారకం రేటుదే. కానీ కొన్నిసార్లు నిజంగా రావలసిన డబ్బే ఆగిపోతుంది, మనం “రేటు మారి ఉంటుందిలే” అనుకుని వదిలేస్తాం. ఈ రెండింటినీ విడదీయడానికి పది నిమిషాల లెక్క చాలు. ఆ లెక్క ఎలా వేయాలో, అసలు వాపసు చేసేటప్పుడే తేడా తగ్గించుకోవడం ఎలాగో కింద వరుసగా రాశాను.

ముందుగా ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. రీఫండ్ అంటే పాత లావాదేవీని చెరిపేయడం కాదు. అది ఎదురు దిశలో జరిగే మరో కొత్త లావాదేవీ. దుకాణం మీ దగ్గర యూరోల్లో తీసుకుంటే, మీకు బాకీ ఉన్నదీ యూరోల్లోనే. ఆ యూరోలు మీ కార్డు కరెన్సీలోకి మారేటప్పుడు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ ఆ సమయానికి ఉన్న రేటు వేస్తుంది, మీరు కొన్నప్పటి రేటు కాదు. మధ్యలో యూరో పడిపోతే మీకు తక్కువ వస్తుంది, పెరిగితే ఎక్కువ వస్తుంది. తక్కువ వచ్చినప్పుడే అందరూ అడుగుతారు కాబట్టి ఎప్పుడూ నష్టమే అనిపిస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- కొన్నప్పటి రసీదు లేదా ఆర్డర్ మెయిల్. అందులో ఏ కరెన్సీలో ఎంత వసూలు చేశారో కనిపించాలి.
- కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ కొనుగోలు తుది రూపంలో పడిన లైను. పెండింగ్‌లో ఉన్నప్పుడు కనిపించిన అంకె పనికిరాదు, ఎందుకంటే తుది లెక్కలో అది మారవచ్చు.
- రీఫండ్ రసీదు లేదా రీఫండ్ మెయిల్, దాని మీద తేదీ.
- స్టేట్‌మెంట్‌లో రీఫండ్ పడిన లైను.
- మీ కార్డు ఫీజుల పట్టిక. అందులో విదేశీ లావాదేవీ ఫీజు ఎంత శాతమో చూసి పెట్టుకోండి. కొన్ని బ్యాంకులు దీన్నే ఫారెక్స్ మార్కప్ అంటాయి.

1. వసూలు చేసిన కరెన్సీ ఏదో తేల్చుకోండి

వెబ్‌సైటులో ధర మీ కరెన్సీలో కనిపించినంత మాత్రాన వసూలు కూడా అందులోనే జరిగిందని అనుకోవద్దు. చాలా సైట్లు ధరను చూపించడానికి మాత్రమే మార్చి చూపిస్తాయి, డబ్బు మాత్రం తమ కరెన్సీలోనే లాగుతాయి. స్టేట్‌మెంట్‌లో ఆ లైను తెరిస్తే “240.00 యూరోలు” లాంటి అసలు మొత్తం విడిగా కనిపిస్తుంది. అది కనిపిస్తే మార్పిడి కార్డు నెట్‌వర్క్ చేసింది. అలాంటిదేమీ లేకుండా మీ కరెన్సీ మొత్తం ఒక్కటే ఉంటే, మార్పిడి దుకాణం వైపు జరిగిందని అర్థం. తర్వాతి అడుగులన్నీ ఈ జవాబు మీదే ఆధారపడతాయి, కాబట్టి ఇది తేలకుండా ముందుకు పోవద్దు.

2. అదే రోజు మనసు మారితే రీఫండ్ అడగకండి, రద్దు అడగండి

దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ, దీనితో లాభం మాత్రం ఎక్కువ. కార్డు గీకగానే డబ్బు దుకాణానికి చేరదు. ముందు మీ ఖాతాలో ఆ మొత్తాన్ని ఆపి ఉంచుతారు. దుకాణం ఆ రోజు లావాదేవీలన్నీ మూట కట్టి తన బ్యాంకుకు పంపిన తర్వాతే అసలు వసూలు మొదలవుతుంది. ఆ మూట వెళ్లకముందు రద్దు చేయిస్తే ఆపి ఉంచిన మొత్తం విడుదలవుతుంది, అంతే. వసూలే జరగలేదు కాబట్టి మార్పిడి లేదు, ఫీజూ లేదు.

అందుకని కొన్న కొద్ది గంటల్లోనే వెనక్కి ఇస్తుంటే, “దీన్ని రీఫండ్ చేయకుండా అసలు లావాదేవీనే రద్దు చేయగలరా?” అని స్పష్టంగా అడగండి. ఆన్‌లైన్ ఆర్డరైతే, వస్తువు బయలుదేరకముందే రద్దు చేయండి. సరుకు పంపినప్పుడే డబ్బు తీసుకునే దుకాణాల్లో ఇది బాగా పనిచేస్తుంది.

రద్దు చేశాక మీ కార్డులో రీఫండ్ లైను ఏదీ కనిపించదు. పెండింగ్‌లో ఉన్న లైను కొన్ని రోజుల్లో మాయమవుతుంది. రీఫండ్ రాలేదని కంగారుపడి ఫిర్యాదు పెట్టేవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు.

3. వాపసు అడిగేటప్పుడు మూడు మాటలు రాతలో తీసుకోండి

దుకాణానికి రాసే మెయిల్‌లో ఈ మూడూ అడగండి. మొదటిది, ఏ కరెన్సీలో ఎంత తిరిగి ఇస్తారు? రెండోది, అందులోంచి ఏమైనా కోస్తారా? రవాణా ఖర్చు, తిరిగి సర్దుకునే రుసుము లాంటివి కోసే దుకాణాలు ఉంటాయి. మూడోది, డబ్బు కొన్న కార్డుకే వస్తుందా, లేక దుకాణంలో వాడుకునే క్రెడిట్‌గా వస్తుందా?

రెండో ప్రశ్నకు జవాబు రాతలో ఉండటం చాలా ముఖ్యం. దుకాణం కోసిన మొత్తాన్నీ, రేటు వల్ల వచ్చిన తేడానూ తర్వాత కలిపి చూస్తే దేని వాటా ఎంతో తెలియదు.

అదే దుకాణంలో ఇంకేదైనా కొనే ఉద్దేశం ఉంటే, రీఫండ్‌కు బదులు వస్తువు మార్చుకోవడం మంచిది. యూరోల వస్తువుకు యూరోల వస్తువు వస్తుంది, మధ్యలో మార్పిడి ఉండదు. దుకాణం క్రెడిట్‌కూ ఇదే లాభం ఉంది, కానీ దానికి గడువు ఉండవచ్చు. కొనబోయేది ఇప్పటికే తేలిపోయి ఉంటే తప్ప నేను దాన్ని సలహా ఇవ్వను.

4. పార్సిల్ మీద “తిరిగి పంపుతున్న వస్తువు” అని రాయండి

తపాలాలో సరిహద్దు దాటి పంపేటప్పుడు కస్టమ్స్ పత్రం నింపాలి. అందులో ఇది తిరిగి పంపుతున్న వస్తువు అని గుర్తు పెట్టే చోటు ఉంటుంది. అది వదిలేస్తే అక్కడి కస్టమ్స్ దాన్ని కొత్త దిగుమతిగా చూసి దుకాణం మీద సుంకం వేయవచ్చు. ఆ దుకాణం పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపవచ్చు, లేదా ఆ సుంకాన్ని మీ రీఫండ్‌లోంచి కోయవచ్చు. అసలు ఆర్డర్ నంబరు కూడా పత్రంలో రాయండి. ట్రాకింగ్ ఉన్న పద్ధతిలోనే పంపండి, లేకపోతే తర్వాత వివాదం వస్తే చూపడానికి ఏమీ ఉండదు.

వస్తువు వచ్చినప్పుడు మీరు విడిగా కట్టిన దిగుమతి సుంకాన్ని దుకాణం తిరిగి ఇవ్వదు, ఎందుకంటే అది దుకాణానికి చేరలేదు. మీ దేశపు కస్టమ్స్‌లో తిరిగి ఇచ్చే పద్ధతి ఉంటే అక్కడే అడగాలి. దానికి వస్తువు దేశం దాటిందన్న రుజువు అడుగుతారు.

5. రీఫండ్ పడ్డాక లెక్క వేయండి

అసలు పని ఇక్కడుంది. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. రేట్లు లెక్క సులువుగా ఉండేందుకు నేను పెట్టుకున్నవి.

మీ కార్డు డాలర్లది. 240 యూరోలకు ఒక కోటు కొన్నారు. కార్డు విదేశీ ఫీజు 3 శాతం. కొనుగోలు లెక్కకు వచ్చినప్పుడు యూరోకు 1.10 డాలర్లు. కొన్ని వారాల తర్వాత కోటు తిరిగి ఇచ్చారు. దుకాణం 240 యూరోలూ ఇచ్చేసింది. ఈసారి రేటు 1.07.

```
కొన్నప్పుడు : 240 × 1.10 = 264.00
ఫీజు 3%    : 264.00 × 0.03 = 7.92
మొత్తం వసూలు : 271.92

రీఫండ్      : 240 × 1.07 = 256.80
తేడా        : 271.92 − 256.80 = 15.12
```

ఈ 15.12 డాలర్లను ఒకే ముద్దగా చూడొద్దు. ఇందులో రేటు 1.10 నుంచి 1.07కు, అంటే 0.03 తగ్గడం వల్ల పోయింది 240 × 0.03, అంటే 7.20. మిగతా 7.92 కొన్నప్పుడు బ్యాంకు తీసుకున్న ఫీజు, అది వెనక్కి రాలేదు. రేటు వాటా గురించి ఎవరినీ అడగలేరు. ఫీజు వాటా గురించి బ్యాంకును అడగవచ్చు.

ఇప్పుడు ఇదే కోటు, ఇదే దుకాణం, కానీ యూరో పెరిగి 1.13 అయిందనుకోండి. రీఫండ్ 271.20 వస్తుంది. కట్టిన దానికీ వచ్చిన దానికీ తేడా 72 సెంట్లే. ఇది చూసి అంతా సరిగ్గా ఉందని పక్కన పెట్టేస్తారు. నిజానికి ఇక్కడ కూడా 7.92 ఫీజు బ్యాంకు దగ్గరే ఉండిపోయింది, రేటులో వచ్చిన 7.20 లాభం దాన్ని కప్పేసింది. అందుకే తేడా చిన్నదైనా ఈ లెక్క వేయమంటాను.

మూడో రకం. రేటు 1.07 దగ్గరే ఉంది, కానీ దుకాణం రవాణా పేరుతో 8 యూరోలు కోసి 232 పంపింది. మీకు వచ్చేది 248.24. తేడా 23.68 డాలర్లు. అందులో 7.20 రేటుది, 7.92 ఫీజుది, 8.56 దుకాణం కోసినది. కోస్తామని ముందే చెప్పకపోతే ఈ 8 యూరోల కోసం దుకాణాన్ని నిలదీయవచ్చు. డాలర్లలో మాత్రమే చూస్తే 23.68 మొత్తాన్నీ రేటు మీదికి నెట్టేసే ప్రమాదం ఉంది.

కాబట్టి వరుస ఎప్పుడూ ఇదే. మొదట దుకాణం కరెన్సీలో పోల్చండి. 240 తీసుకుంది, 240 ఇచ్చిందా? ఇస్తే దుకాణం లెక్క ముగిసింది. ఆ తర్వాతే మీ కరెన్సీలోకి రండి.

6. రేటు నిజంగా అంతేనా అని చూడండి

స్టేట్‌మెంట్‌లో ఫీజు విడి లైనుగా లేకపోతే, వసూలైన మొత్తాన్ని విదేశీ మొత్తంతో భాగించండి. మన ఉదాహరణలో 271.92 ÷ 240 అంటే 1.133. ఆ రోజు నెట్‌వర్క్ రేటు 1.10 అయితే, రెండింటి మధ్య ఉన్నది సరిగ్గా 3 శాతం. అంటే ఫీజు రేటులోనే కలిసిపోయిందన్నమాట. రీఫండ్‌కూ ఇలాగే భాగించండి. వచ్చిన అంకె నెట్‌వర్క్ రేటు కంటే 3 శాతం తక్కువగా ఉంటే, బ్యాంకు రీఫండ్ మీద కూడా ఫీజు కోసింది. అలా చేసే కార్డులు ఉన్నాయి. మీ ఫీజుల పట్టికలో ఆ మాట ఉందో లేదో చూడండి.

ఆ రోజు రేటు కోసం వీసా, మాస్టర్‌కార్డ్ తమ వెబ్‌సైట్లలో ఉంచిన మారకపు కాలిక్యులేటర్లు వాడండి. పాత తేదీ పెట్టి చూడవచ్చు, బ్యాంకు ఫీజు శాతం వేసే గడి కూడా ఉంటుంది. వార్తల్లోనో, వెతికితే మొదట కనిపించే చోటో ఉన్న రేటుతో పోల్చకండి. అది మార్కెట్ మధ్య రేటు, కార్డుకు వేసే రేటు కాదు.

తేదీ విషయంలో జాగ్రత్త. వీసా కాలిక్యులేటర్ అడిగేది లావాదేవీ ప్రాసెస్ అయిన తేదీ, అది మీరు కొన్న తేదీ కాకపోవచ్చు. లెక్క కొద్దిగా తప్పితే ఒకటి రెండు రోజులు ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. ఏదో ఒక తేదీకి సెంట్లతో సహా సరిపోతే మీ సందేహం తీరినట్టే. ఆ దగ్గరి రోజుల్లో దేనికీ సరిపోకపోతే బ్యాంకును ఏ తేదీ రేటు వేశారో అడగండి. కొనుగోలుకు వేసే రేటూ, వెనక్కి ఇచ్చేటప్పుడు వేసే రేటూ కూడా ఒకటే కాకపోవచ్చు కాబట్టి చాలా చిన్న తేడాను పట్టుకుని వెంటపడనవసరం లేదు.

7. కొన్నప్పుడు “మీ కరెన్సీలోనే కట్టండి” అన్నారా?

కార్డు మిషను మీద రెండు మొత్తాలు చూపించి ఏది కావాలో అడిగే పద్ధతి ఇది. మీ సొంత కరెన్సీ ఎంచుకుంటే మార్పిడి దుకాణం వైపు జరుగుతుంది, రేటులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో ఆ అదనం యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు మీద ఎంత శాతమో 2020 ఏప్రిల్ నుంచి చూపించాలి. మిగతా చోట్ల అది కనిపించకుండానే పోవచ్చు.

వాపసులో ఇది తెచ్చే చిక్కు వేరు. ఆ అదనం 4 శాతం అనుకుంటే మన కోటుకు 274.56 డాలర్లు వసూలు చేశారు. ఇప్పుడు దుకాణం మామూలుగా 240 యూరోలు వెనక్కి పంపితే, 1.07 రేటుకు మీకు వచ్చేది 256.80. పోయింది 17.76. ఇందులో రేటుది 7.20 మాత్రమే, మిగతా 10.56 కొన్నప్పుడు మీరు కట్టిన అదనం.

ఈ రసీదు మీద లావాదేవీ కరెన్సీ డాలర్లని ఉంటుంది. కాబట్టి “డాలర్లలో తీసుకున్నారు కనుక అదే 274.56 డాలర్లు తిరిగి ఇవ్వండి” అని పాత రసీదు చూపించి అడగండి. పాత లావాదేవీ నంబరు మీదనే రీఫండ్ చేయమనండి. కొత్తగా అంకె కొట్టి చేస్తే మిషను ఈ రోజు రేటుతో మళ్లీ మార్చే అవకాశం ఉంది. రీఫండ్ కాగితం మీద కరెన్సీ, మొత్తం చదివాకే అక్కడి నుంచి కదలండి. తర్వాత మెయిల్‌లో దీన్ని సరిచేయించుకోవడం చాలా కష్టం.

8. రీఫండ్ అసలు కనిపించకపోతే

దుకాణం పంపానన్న తర్వాత కార్డులో పడటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. అప్పటికీ రాకపోతే దుకాణాన్ని ఏఆర్ఎన్ నంబరు అడగండి. ఇది 23 అంకెలుండే జాడ నంబరు, దుకాణం బ్యాంకు వేసేది. దాన్ని మీ బ్యాంకుకు ఇస్తే డబ్బు ఎక్కడుందో వెతకగలరు. “మా వైపు పంపేశాం” అంటూ ఈ నంబరు ఇవ్వలేని దుకాణం ఇంకా పంపకపోయి ఉండవచ్చు.

ఈలోగా మీ కార్డు పోయి కొత్తది వచ్చినా, ఖాతా అదే అయితే రీఫండ్ సాధారణంగా కొత్త కార్డు ఖాతాలో చేరుతుంది. ఖాతానే మూసేసి ఉంటే మాత్రం ముందుగానే బ్యాంకుకు చెప్పండి.

విదేశీ కరెన్సీ నిల్వ ఉంచుకునే కార్డు వాడితే రీఫండ్ ఆ యూరో నిల్వలోకే రావచ్చు. డాలర్ల వైపు వెతికి రాలేదనుకోకండి. యూరోలుగానే ఉంచుకుని మరోసారి వాడుకుంటే మార్పిడి నష్టం కూడా తప్పుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

రీఫండ్ రాబోతోంది కదా అని ఆ నెల క్రెడిట్ కార్డు కనీస చెల్లింపు మానేయడం అన్నిటికంటే ఖరీదైనది. చాలా బ్యాంకులు రీఫండ్‌ను చెల్లింపుగా లెక్కించవు. గడువు దాటితే పడే ఆలస్య రుసుము, వడ్డీ కలిపితే రేటు తేడాను మించిపోతాయి. రీఫండ్ కోసం చూస్తూనే బిల్లు కట్టేయండి.

ఇంకొకటి, రేటు తేడా కోసం దుకాణంతో గొడవ. అది తన కరెన్సీలో పూర్తిగా ఇచ్చేసి ఉంటే ఇక ఇవ్వవలసింది లేదు. అదే కారణంతో కార్డు వివాదం పెట్టినా నిలవదు. కొన్ని దుకాణాలు మర్యాదకు కొంత ఇస్తాయి, అడగడంలో తప్పు లేదు, కానీ అది హక్కు కాదు.

విమానాశ్రయంలో పర్యాటకుల పన్ను వెనక్కి తీసుకున్న వస్తువును తర్వాత దుకాణానికి తిరిగి ఇస్తే, ఆ పన్ను మొత్తాన్ని దుకాణం రీఫండ్‌లోంచి కోస్తుంది. దాన్ని రేటు నష్టం లెక్కలో కలపకండి.

బ్యాంకుకు ఎప్పుడు రాయాలి

దుకాణం కరెన్సీలోనే మొత్తం తక్కువై, దానికి కారణం ముందే చెప్పకపోతే మొదట దుకాణానికి, అక్కడ తేలకపోతే బ్యాంకుకు వివాదంగా రాయండి. రీఫండ్ ఇస్తామని రాసిచ్చి ఇవ్వకపోయినా అంతే. వీసాలో, రీఫండ్ రసీదు తేదీ నుంచి 15 రోజులు ఆగాకే బ్యాంకు ఇలాంటి వివాదాన్ని తీసుకుంటుంది. గరిష్ఠ గడువు సాధారణంగా 120 రోజులు, కానీ మీ బ్యాంకు ఇంకా తక్కువ పెట్టి ఉండవచ్చు. దుకాణం “వచ్చే వారం, వచ్చే వారం” అంటూ సాగదీస్తుంటే ఆ గడువు కరిగిపోతూ ఉంటుందని గుర్తుంచుకోండి.

ఫీజు విషయం వివాదం కాదు, విన్నపం. “ఫలానా తేదీన 240 యూరోల కొనుగోలు మీద 7.92 డాలర్ల విదేశీ ఫీజు తీసుకున్నారు. ఫలానా తేదీన ఆ 240 యూరోలూ వాపసు వచ్చాయి. ఫీజు కూడా వెనక్కి వేయగలరా?” అని ఈ రెండు లైన్ల వివరాలతో రాయండి. కొన్ని బ్యాంకులు అడగకుండానే వేస్తాయి, కొన్ని అడిగితే వేస్తాయి, కొన్ని వెనక్కి వేయబోమని నిబంధనల్లోనే రాసుకుంటాయి. రేటు నష్టం కూడా అందులో కలిపి 15.12 అడిగితే, విన్నపం మొత్తం “మారకం రేటు మా చేతిలో లేదు” అన్న ఒక్క జవాబుతో తిరిగి వస్తుంది. ఫీజు అంకె ఒక్కటే అడగండి.